అప్‌డేట్: సింగపూర్ జీఎస్టీ తేడా ఎక్కడిదో తేలింది

నా ప్రశ్న: పాత ఇన్వాయిసులను కొత్త ఈఆర్‌పీలోకి పరీక్షగా ఎక్కిస్తే, సింగపూర్ జీఎస్టీ మొత్తం పాత రిటర్నుతో ఎందుకు కలవడం లేదు?

పన్ను పట్టికలో తప్పు లేదు, సమయ మండలంలో ఉంది. తేడా వచ్చిన ఇన్వాయిసులన్నీ అర్ధరాత్రికి, ఉదయం 8 గంటలకు మధ్య తయారైనవే. అది చూడగానే విషయం అర్థమైంది.

సింగపూర్‌లో 2024 జనవరి 1న జీఎస్టీ 8 నుంచి 9 శాతానికి పెరిగింది. ఆ రోజు ఉదయం 7:30కి సరఫరా, చెల్లింపు, ఇన్వాయిసు అన్నీ జరిగిన 1,000 డాలర్ల అమ్మకం ఒకటి ఉంది. సర్వర్ యూటీసీలో అది డిసెంబరు 31 రాత్రి 11:30. దాంతో పన్ను 90కి బదులు 80 డాలర్లు పడింది. పైగా ఆ అమ్మకం ముందు త్రైమాసికపు రిటర్నులోకి వెళ్లింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

సమయాన్ని timestamptz రకంలో యూటీసీలోనే ఉంచి, పన్ను తేదీకి విడిగా ఒక గడి పెట్టాం:

```
(created_at AT TIME ZONE 'Asia/Singapore')::date
```

మండలం పేరు ఇన్వాయిసు ఇచ్చే సంస్థ రికార్డు నుంచి రావాలి, వినియోగదారు ప్రొఫైల్ నుంచి కాదు. ఎందుకంటే మా బిల్లింగ్ సిబ్బంది వేరే దేశంలో ఉంటారు. పేరుకు బదులు +8 లాంటి స్థిరమైన అంకె రాయకండి, వేసవి సమయం పాటించే జర్మనీ వంటి దేశాల్లో అలా రాసిన ఏ అంకె అయినా ఏడాదిలో కొన్ని నెలలు తప్పుతుంది.

మళ్లీ ఎక్కించాక రెండు త్రైమాసికాల మొత్తాలూ సరిపోయాయి.