అప్‌డేట్: డౌన్‌లోడ్ టైమ్ లెక్క

నా ప్రశ్న: 4500 మెగాబైట్ల ఫైల్ 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో దిగడానికి ఎంతసేపు పడుతుంది?

మీరు చెప్పిన లెక్క కుదిరింది, థ్యాంక్స్. బైట్‌కి 8 బిట్లు కాబట్టి 4500 × 8 ÷ 100 = 360 సెకన్లు, అంటే ఆరు నిమిషాలు. కానీ కేబుల్ మీద ఒక్కో ప్యాకెట్ 1538 బైట్ల చోటు తీసుకుంటుంది, అందులో ఫైల్ డేటా 1460 బైట్లే. మిగతాదంతా హెడర్లు, ప్యాకెట్ల మధ్య ఖాళీ. అంటే సుమారు 95 శాతమే మనది. 360ని 0.95తో భాగిస్తే దాదాపు 379 సెకన్లు. కేబుల్ పెడితే దాదాపు అంతే పట్టింది, స్పీడ్ సెకనుకు 11.8 మెగాబైట్ల దగ్గర నిలకడగా ఉంది. లైన్ నిండిందనడానికి అదే గుర్తు.

వైఫైలో మాత్రం స్పీడ్ 6కి పడిపోయి పన్నెండున్నర నిమిషాలైంది. ఫైలూ సర్వరూ అవే కాబట్టి తేడా వైఫైదే అనుకుంటున్నాను. అక్కడ 95 శాతం లెక్క పనిచేయదు, కనిపించే స్పీడ్‌తోనే భాగించుకోవాలి.