ఒక్క ముక్క రాయకుండా పులిహోర ఫొటో పెడితే ఏం అడిగినట్టు?

వేపచెట్టు నీడ: తమ్ముడు హైదరాబాద్‌లో రూమ్‌లో ఉంటాడు. పొద్దున ఆరున్నరకి ఇంటి గ్రూప్‌లో స్టీల్ డబ్బాలో పులిహోర ఫొటో పెట్టాడు, కింద ఒక్క ముక్క లేదు. అమ్మేమో "పులుసు ఇంకాస్త చిక్కబడాలి నాన్నా" అంది, అక్క "అంత నూనేంట్రా" అంది, నేను "తినకు, పారెయ్" అన్నాను. ఇప్పుడు ఇద్దరూ నా మీద పడ్డారు. ఇలాంటప్పుడు ఊహించి చెప్పెయ్యాలా, ముందు ఏంటి సంగతని అడగాలా?

పోపుల డబ్బా: అడగడమే మంచిది. మా అబ్బాయి ఉప్మా ఫొటో పెడితే రవ్వ ఎలా వేయించాలో పేజీడు రాశాను, తీరా చూస్తే బాగా కుదిరిందని చూపించుకున్నాడంతే.

లెక్కల మాస్టారు: మీ అక్క అన్నది తప్పేం కాదు, నూనె సంగతి అడగాల్సిందే. ఫొటో చూసి క్యాలరీలు చెప్పేవాళ్లంటే నాకు నవ్వొస్తుంది. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130, అది కంటికి కాస్త అందుతుంది. పెద్ద చెంచా నూనె ఒక్కటే దాదాపు 120, అదేమో మెతుకుల్లోకి ఇంకిపోయి కనిపించదు. రెండు చెంచాలు ఎక్కువ పడిన పులిహోరా, పడనిదీ ఫొటోలో కవల పిల్లల్లా ఉంటాయి.

ల్యాబ్ కోటు: ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. వంట ఎలా చేయాలో అడిగేవాళ్లు, మెచ్చుకోమనేవాళ్లు పళ్లెంలో పెట్టి తీస్తారు. తినచ్చా అని అడిగేవాళ్లు డబ్బాలోనే, మూత పక్కన పెట్టి, ఏదో ఒక మూలకి దగ్గరగా తీస్తారు. ఇది రూలేమీ కాదు, నా అనుభవం. మూత లోపల నీటి చుక్కలేమైనా కనిపిస్తున్నాయా?

వేపచెట్టు నీడ: ఉన్నాయండీ. మూత సగమే పడింది ఫొటోలో, ఆ సగం నిండా చుక్కలే. డబ్బా గట్టు మీద ఉంది, అన్నం ఒక పక్క తవ్వినట్టుంది.

ల్యాబ్ కోటు: అయితే వేడిగా ఉండగానే మూత పెట్టి ఉండచ్చు. అలా మూసిన అన్నం లోపల గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉండిపోతుంది. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు బియ్యంలో ఉంటాయి, వాటికి ఆ వెచ్చదనమే కావాలి.

గోదారి గట్టు: పులిహోరకి ఇంత భయమా! రైల్లో రెండు రోజులు తిన్నవాళ్లం. చింతపండు ఉంది, నూనె ఉంది, పాడవదు. అంత అనుమానమైతే బాగా వేడి చేసుకుంటే సరి.

ల్యాబ్ కోటు: చింతపండు మాట సగం నిజం. పులుపు బాగా పట్టిన అన్నంలో ఆ సూక్ష్మజీవులు పెరగలేవు, అందుకే మీ రైలు పులిహోర నిలిచింది. కానీ పులుపు ఎంతుందో ఫొటోలో కనిపించదు, పసుపు రంగే కనిపిస్తుంది. పైగా రూమ్ పిల్లలు రాత్రి మిగిలిన అన్నంలో పొద్దున పులిహోర పేస్ట్ కలుపుతారు. అన్నం రాత్రంతా బయట ఉంటే విషం అప్పటికే తయారై ఉండచ్చు, తర్వాత పులుపు కలిపినా అది పోదు. వాంతులు తెప్పించే ఆ విషం వేడికీ పోదు. వాసన, రుచి మామూలుగానే ఉంటాయి.

షుగర్ సుబ్బయ్య: నాకు షుగర్ ఉంది, పులిహోర తినచ్చా అండీ? పళ్లెం ఫొటో పెట్టనా?

లెక్కల మాస్టారు: ఆ పళ్లెం మీ డాక్టరుకి చూపించండి సుబ్బయ్యగారూ.

పోపుల డబ్బా: మరైతే అడగాలా వద్దా? "పారెయ్" అంటే పిల్లాడు బాధపడడూ?

ల్యాబ్ కోటు: అడగండి, కానీ "ఏంట్రా" అని కాదు, "ఏం లేదు" అంటాడు. "అన్నం ఎప్పుడు వండావు, ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టావు" అని అడగండి. వండాక రెండు గంటల్లో ఫ్రిజ్‌కి వెళ్లాలి, ఎండలు మండేటప్పుడు గంటలోనే. జవాబు వచ్చేదాకా "ఆగు, తినకు" అంటే చాలు. వంట సలహా గంట ఆలస్యమైనా ఏం కాదు, ఈ మాట ఆలస్యమైతే పనికిరాదు.

గోదారి గట్టు: ఇలా ప్రతి ఫొటోకీ భయపెడితే ఇంకెవడూ ఫొటో పెట్టడు, చూడండి.

వేపచెట్టు నీడ: వాడిప్పుడు ఫోన్ చేశాడు. వంటా కాదు, క్యాలరీలూ కాదు. డబ్బా మూత మీద నానమ్మ పేరు చెక్కి ఉందట, అది చూపిద్దామని తీశాడట! పేరున్న సగం ఫొటోలో పడనే లేదు. అన్నం మాత్రం రాత్రిదే, బయటే ఉందట. ఎనిమిదింటికి మొత్తం తినేశాడు, ఇప్పుడు పదకొండు.

ల్యాబ్ కోటు: వాంతుల రకం ఆరు గంటల్లోపే బయటపడుతుంది, అంటే రెండింటిదాకా చూడాలి. విరేచనాల రకమైతే రాత్రి దాకా. నీళ్లు తాగుతూ ఉండమను, వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లమను.

వేపచెట్టు నీడ: చెప్పాను. అమ్మ ఇంకా పులుసు గురించే అడుగుతోంది.