పాడ్‌కాస్ట్ చదివితే అర్థమవుతోంది, వింటే జారిపోతోంది: సాధనను ఎలా మార్చుకోవాలి?

నేను పార్వతీపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఇక్కడ ఆంగ్లంలో మాట్లాడేవారు దొరకడం కష్టం కనుక, బీబీసీ వారి ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’ పాడ్‌కాస్ట్‌ను ఆధారం చేసుకున్నాను. ఉదయం ఒక భాగాన్ని ఏమీ చూడకుండా రెండుసార్లు విని, తరువాత వారు ఇచ్చే లిఖిత పాఠంతో సరిచూసుకుని, అందని చోట్లను మాత్రమే నోటుపుస్తకంలో పూర్తి వాక్యాలుగా రాసుకుంటున్నాను.

వాటిని పరిశీలిస్తే నాకు తెలియని పదాలు చాలా తక్కువ. ‘షుడ్ హ్యావ్ టోల్డ్’ అన్నది ‘షుడవ్‌టోల్డ్’గా, ‘కప్ ఆఫ్ టీ’ అన్నది ‘కపవ్‌టీ’గా కలిసిపోవడం వల్లనే చిక్కు వస్తోంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ పలుకుతాము కాబట్టి చెవి అదే కోరుకుంటోందని నా అనుమానం. సాయంత్రం అవే వాక్యాలను వక్తతోపాటు పలికి, ఫోన్‌లో రికార్డు చేసి పోల్చుకుంటాను. అనుకరణలో వేగం కుదురుతోంది గానీ, అదే విషయాన్ని ఒక నిమిషం సొంతంగా చెప్పబోతే మాటలు మళ్లీ విడివిడిగా వస్తున్నాయి.

ఈ దశ దాటినవారు దయచేసి చెప్పగలరా? ఒకే భాగాన్ని వారమంతా సాధన చేయడం మేలా, రోజుకొకటి మార్చడం మేలా? అనుకరణకూ సొంత మాటకూ నడుమ మీరు ఏ అభ్యాసం పెట్టుకున్నారు? సరిదిద్దేవారు లేనప్పుడు రికార్డింగులో మొదట దేనిని గమనించాలి?