టెర్మినల్ వాల్యూలో 5 శాతం గ్రోత్ పెట్టొచ్చా?

కొత్తఖాతా: ఇరవై మంది పనిచేసే ఒక ప్రైవేటు కంపెనీని కొనాలనుకుంటున్నాం. అప్పులు లేవు. మా అంచనాలో ఐదో ఏడు పన్ను పోను లాభం 100, తరుగుదల 20, యంత్రాల మీద ఖర్చు 15, కాబట్టి ఫ్రీ క్యాష్ ఫ్లో 105. డిస్కౌంట్ రేటు 16 శాతం, ఐదేళ్ల తర్వాత ఎప్పటికీ 5 శాతం గ్రోత్. మొత్తం విలువ 732 వచ్చింది. అందులో 477 ఒక్క టెర్మినల్ వాల్యూదే, అంటే ఐదేళ్ల తర్వాత వచ్చే డబ్బుదే. నా భాగస్వామి 5 ఎక్కువ, 3 పెట్టమంటున్నాడు. అమ్మేవాళ్ల ముందు ఏది నిలబడుతుంది?

పాతలెడ్జర్: ముందు ఆ 15 సంగతి చూడండి. ఏటా 20 అరుగుతుంటే 15 మాత్రమే పెట్టే కంపెనీ చిక్కిపోతుంది. దాన్నే మీరు ఎప్పటికీ 5 శాతం పెరుగుతుందంటున్నారు. ఒక ఏడాదికైతే సర్దుకోవచ్చు, టెర్మినల్ ఏడాదిలో అలా రాస్తే ఆ తప్పు కలకాలం నడుస్తుంది.

పెరగాలంటే కొత్తగా డబ్బు పెట్టాలి. ఎంత అన్నది, పెట్టిన రూపాయి మీద కంపెనీ ఎంత సంపాదిస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. కొత్త పెట్టుబడి మీద 20 శాతం వస్తుందనుకుంటే, 5 శాతం పెరగడానికి లాభంలో నాలుగో వంతు లోపలే ఉండిపోవాలి. ఆరో ఏటికి లాభం 100 నుంచి 105 అవుతుంది, అందులో చేతికొచ్చేది 78.75.

```
మీది:  105 × 1.05 / (0.16 − 0.05) = 1002
నాది:  78.75 / (0.16 − 0.05)      = 716
```

ఈ 716ని ఐదేళ్లు వెనక్కి, ఈనాటి విలువకు తెస్తే 341. మీ 477 అలా 341 అయింది. ఇప్పుడు మీ భాగస్వామి 3 శాతం పెట్టి చూడండి. మీ పద్ధతిలో 1002 కాస్తా 832కి పడిపోతుంది. నా పద్ధతిలో 716 నుంచి 673కి, అంతే. తక్కువ పెరిగితే తక్కువ పెట్టుబడి చాలు కదా. ఇంకో మాట, ఆరో ఏటి లాభం 105 దగ్గరే ఉంచి, కొత్త పెట్టుబడి మీద కూడా 16 శాతమే వస్తుందనుకుంటే, ఆ తర్వాత గ్రోత్ ఎంత పెట్టినా ఒకటే, 656.

సూటిమాట: ఇంత తలనొప్పి ఎందుకండీ? గ్రోత్ ఎలాగూ ఊహే. ఇలాంటి కంపెనీలు లాభానికి ఎన్ని రెట్లకు అమ్ముడవుతున్నాయో చూసి, 8 రెట్లు వేసేయండి. మార్కెట్ చెప్పిందే నిజం.

పాతలెడ్జర్: సరిచూసుకోవడానికి రెట్లు మంచివే, కాదనను. కానీ ఊహ అందులోనూ ఉంది, కనపడదంతే. 8 రెట్లంటే 800. పైన చెప్పిన 20 శాతం, 16 శాతంతోనే వెనక్కి లెక్కేస్తే, ఎప్పటికీ ఏటా దాదాపు 7.75 శాతం పెరగాలి. ఇరవై మంది కంపెనీకి అది నమ్మగలరా? పైగా ఆ 8 లిస్టెడ్ కంపెనీలది అయితే, వాటి డిస్కౌంట్ రేటే వేరు.

గోడగడియారం: నాది కొంచెం వేరే కథ. ఇలాగే ఒక చిన్న వర్క్‌షాప్ కొన్నాను. అమ్మినాయన చివరి మూడేళ్లు యంత్రాల జోలికే పోలేదు, క్యాష్ ఫ్లో మాత్రం కళకళలాడింది. రెండో ఏటికల్లా రెండు మెషీన్లు మార్చాల్సి వచ్చింది. ఒక్కో మెషీన్ కొన్న తేదీ, మార్చాల్సిన ఏడాది రాసి ఇమ్మని ముందే అడగాల్సింది. ఇంతకీ యజమాని జీతం తీసుకుంటున్నాడా?

కొత్తఖాతా: తీసుకోవట్లేదు. లాభమే పంచుకుంటారు.

గోడగడియారం: అయితే ఆ 100 కూడా 100 కాదు. ఆయన పని చేయడానికి మేనేజర్‌ను పెడితే 25 అవుతుందనుకోండి, పన్ను 25 శాతమైతే లాభం 81కి దిగుతుంది. మిగతా లెక్కంతా దాని మీదే కదా.

పాతలెడ్జర్: అవును, అది నేను అడగడం మరిచాను. 716 దాదాపు 582 అవుతుంది.

అడ్డుప్రశ్న: నాకు ‘ఎప్పటికీ’ అన్న మాటే మింగుడుపడదు. కస్టమర్లు యజమాని ముఖం చూసి వచ్చేవాళ్లయితే, మీ ఐదేళ్ల అంచనా తర్వాత ఇంకో పదేళ్లే అనుకోండి. ఆ పదేళ్ల తర్వాతది తీసేస్తే టెర్మినల్ వాల్యూలో 37 శాతం పోతుంది.

పాతలెడ్జర్: ఇరవయ్యేళ్లకు కోస్తే పోయేది 14 శాతమే. పదేళ్లలో మూతపడేదైతే పెరగడానికి డబ్బు ఎందుకు పెడతారు? ఆ నాలుగో వంతు కూడా బయటకి తీయొచ్చు కదా. కస్టమర్లు పోతారన్న భయముంటే వచ్చే ఐదేళ్ల అమ్మకాల్లోనే తగ్గించండి. ఏటా ఎంతమంది పోతారో రాస్తే అమ్మేవాళ్లతో దాని మీద వాదించొచ్చు.

అడ్డుప్రశ్న: ఆ సంఖ్య మాత్రం ఎవరిస్తారు? అమ్మేవాడు సున్నా అంటాడు, కొనేవాడు సగం అంటాడు. నేనైతే కాలాన్నే కోస్తాను.

కొత్తఖాతా: మెషీన్ల జాబితా, కస్టమర్‌వారీ అమ్మకాలు అడిగాను. జాబితా ఇస్తామన్నారు. రెండోది మాత్రం ‘ఒప్పందం అయ్యాక’ అంటున్నారు.