విద్యార్థులు రాసిన బిట్లు: విడుదలకు ముందే చూడాలా, తర్వాత చూడాలా?

గోదావరి గట్టు:
డిగ్రీ మొదటి సంవత్సరానికి ఫిజిక్స్ చెబుతాను. తరగతిలో 60 మంది. మా ఆన్‌లైన్ తరగతి వేదిక మూడుల్‌లో, విద్యార్థులే ప్రశ్నలు రాసే స్టూడెంట్‌క్విజ్ అనే ప్లగిన్ పెట్టి, యూనిట్‌కు రెండేసి బిట్లు వాళ్లచేతే రాయించి, మిగతావాళ్లు వాటిని చేసి నక్షత్రాలు, వ్యాఖ్యలు ఇచ్చేలా చూడాలనుకుంటున్నాను. ప్రతి బిట్టూ నేను చూశాకే బయటికి వదలాలా? వదిలేసి తర్వాత చూసుకోవచ్చా? మా శాఖలో ఈ విషయం మీద రెండు వర్గాలయ్యాం.

చివరి బెంచీ:
వదిలేయండి. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పీర్‌వైజ్ అనే ఆన్‌లైన్ వేదిక నడిచేది ఈ నమ్మకం మీదే. బిట్టు రాసేదీ, చేసేదీ, బాగుందో లేదో చెప్పేదీ విద్యార్థులే. చెత్త బిట్టుకు ఒక నక్షత్రం పడి అడుగుకు పోతుంది, మంచిది పైకి తేలుతుంది. 120 బిట్లు కూర్చుని దిద్దడం మొదలుపెట్టారంటే రెండో యూనిట్‌కే మీరు విసిగిపోతారు. అప్పుడు ఆగిపోయేది బిట్లు కాదు, మొత్తం కార్యక్రమమే.

పాత బడి:
పరీక్ష పేపరును విద్యార్థులే తయారు చేస్తే ఇక పరీక్ష ఎందుకండీ? ఎవరు రాసిన ప్రశ్న వాళ్లకు తెలిసిపోదా? మా రోజుల్లో ప్రశ్నపత్రం సీలు విప్పేదాకా మాస్టార్లకే తెలిసేది కాదు.

గోదావరి గట్టు:
అయ్యా, ఇది పరీక్ష పేపరు కాదు. పరీక్షకు ముందు చేసే అభ్యాసం. పేపరు ఎప్పటిలాగే నేనే తయారు చేస్తాను.

సుద్దముక్క:
చివరి బెంచీ గారి మాట సగం నిజం. భాష సరిగా లేకపోయినా, ఆప్షన్లు అతకకపోయినా, సరైన జవాబు ఒక్కటే మిగతా మూడింటికంటే పొడవుగా ఉన్నా తోటి విద్యార్థులు ఇట్టే పట్టేస్తారు. వాళ్లు పట్టలేనిది ఒక్కటే: తరగతి అంతా నమ్మే తప్పు. నా తరగతిలో జరిగింది చెబుతాను.

ఒక అబ్బాయి రాసిన బిట్టు ఇది: "నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి అత్యున్నత స్థానానికి చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత?" కీలో "సున్నా" అని పెట్టాడు. "అక్కడ బంతి ఆగుతుంది కాబట్టి" అని వివరణ. 14 మంది చేశారు, 11 మంది "సున్నా" అనే పెట్టారు. నక్షత్రాలు సగటున నాలుగు పైనే. చక్కటి ప్రశ్న అని ఇద్దరు మెచ్చుకున్నారు కూడా. అంకెలు మాత్రమే చూస్తే అది ఆ యూనిట్‌లో అన్నిటికంటే మంచి బిట్టు!

సున్నా అయ్యేది వేగం. త్వరణం ఆ క్షణంలోనూ 9.8 మీ/సె², కిందికి. మిగిలిన ముగ్గురూ సరిగ్గా ఇదే పెట్టారు. వాళ్లకు తెర మీద "తప్పు" అని వచ్చింది. అందులో ఒక అమ్మాయి కింద ఏం రాసిందో తెలుసా? "క్షమించాలి, నేను వేగానికీ త్వరణానికీ తేడా మరిచిపోయినట్టున్నాను" అని. తెలిసిన పిల్ల తనకు తెలియదని నమ్మింది. ఆ వ్యాఖ్య నా కంటపడేసరికి తొమ్మిది రోజులైంది. ఆ రోజునుంచి కీ చూడకుండా ఒక్క బిట్టునూ బయటికి వదలలేదు.

చివరి బెంచీ:
తప్పు కీ సంగతి ఒప్పుకుంటాను. కానీ మేడమ్, అన్నీ మీరు చూసి "సరే" అన్నాక వదిలితే ఇక వాళ్లు పరిశీలించడానికి ఏం మిగులుతుంది? నేను చూసిన ఒక కళాశాలలో ఇదే జరిగింది. పచ్చ టిక్కు పడేదాకా ఎవరూ బిట్టు ముట్టుకునేవారు కాదు, పడ్డాక ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మేడమ్ చూశారు కదా, ఇంకేముంది అన్నట్టు.

సుద్దముక్క:
ఆ చిక్కు నాకూ ఎదురైంది. అందుకే చూడటాన్ని రెండు విడతలు చేశాను. స్టూడెంట్‌క్విజ్‌లో రాయడానికి గడువు వేరుగా, జవాబు చెప్పడానికి తెరిచే తేదీ వేరుగా పెట్టుకోవచ్చు. రెండింటి మధ్య మూడు రోజులు ఉంచుతాను. ఆ మూడు రోజుల్లో కీ, వివరణ మాత్రమే చదువుతాను. కీ తప్పయితే బిట్టును దాచి, వ్యాఖ్య రాసి వెనక్కి పంపుతాను. మిగతా లోపాలు కంటపడ్డా ముట్టుకోను, టిక్కూ పెట్టను. ఆప్షన్లు, భాష, కష్టం వాళ్ల పాలు. వారం వాళ్ల చేతుల్లో నలిగాక అప్పుడు టిక్కు.

వెనక్కి పంపేటప్పుడు సరైన జవాబు చెప్పను. ఆ అబ్బాయికి ఒకే ప్రశ్న రాశాను: "త్వరణం నిజంగా సున్నా అయితే, మరుక్షణం బంతి ఎక్కడ ఉంటుంది?" మర్నాడు జవాబొచ్చింది: "అక్కడే గాలిలో ఉండిపోవాలి మేడమ్." తర్వాత బిట్టు తనే మార్చాడు. కీ "9.8, కిందికి". "సున్నా, ఎందుకంటే బంతి ఆగింది" అనేది ఇప్పుడు తప్పు ఆప్షన్. "పైకి వెళ్లేటప్పుడు పైకి, దిగేటప్పుడు కిందికి" అనేది ఇంకొకటి. తను పడిన గోతినే ఆప్షన్‌గా పెట్టాడు. అంత మంచి తప్పు ఆప్షన్ నాకైతే తట్టేది కాదు.

ఒక జాగ్రత్త. ఆమోదించిన బిట్టును రాసినవాళ్లు మళ్లీ దిద్దితే అది "మారింది" అనే స్థితికి వెళ్తుంది. అలాంటివాటి కీ మళ్లీ చూడాలి.

చీటీల మాస్టారు:
మాది జిల్లా పరిషత్ పాఠశాల, తొమ్మిదో తరగతి. కంప్యూటర్లు ఉన్నాయి, అవి తెరుచుకునే రోజులు తక్కువ. చీటీల మీద చేయిస్తున్నాను. ముందువైపు బిట్టు, వెనకవైపు జవాబు, కారణం. నలుగురేసి జట్లు చీటీలు మార్చుకుంటాయి. జవాబు చెప్పాకే వెనక్కి తిప్పాలి.

నాకొచ్చిన తంటా తప్పు కీ కాదు, బిట్ బ్యాంకు. మొదటిసారి 40 చీటీలు వస్తే అందులో తొమ్మిది ఒకే గైడులోవి, అక్షరం పొల్లుపోకుండా! వెనక కారణం చోట "సూత్రం ప్రకారం" అని ఉంటే అది దించిందే. తిట్టి లాభం లేదని మూడో వరుస కలిపాను: "ఈ తప్పు ఆప్షన్‌ను ఎవరు, ఏమనుకుని ఎంచుకుంటారు?" గైడులో దీనికి జవాబు ఉండదు. ఒక అమ్మాయి కిరణజన్య సంయోగక్రియ చీటీ మీద "రాత్రిపూట మొక్క అసలు శ్వాసించదు అనుకునేవాళ్లు, మా అన్నయ్యలాంటివాళ్లు" అని రాసింది.

సుద్దముక్క:
మాస్టారూ, ఆ మూడో వరుస నేను తీసుకుంటున్నాను. స్టూడెంట్‌క్విజ్‌లో ఒక్కో ఆప్షన్‌కు వివరణ రాసే గడి ఉంది. అక్కడ రాయించవచ్చు.

పాత బడి:
దించడం ఆగదండీ. అన్నయ్య పేరు కూడా దించుతారు.

గోదావరి గట్టు:
యూనిట్‌కు రెండు వద్దు, ఒకటే రాయిస్తాను. 60 బిట్లు, కీ ఒక్కటే చూస్తే బిట్టుకు నిమిషంన్నర, మొత్తం గంటన్నర. అది నాకు వీలవుతుంది. పాయింట్ల సంగతి తేలలేదు. బిట్టుకు ఇన్ని పాయింట్లని పెడితే సంఖ్య కోసమే రాస్తారేమోనని అనుమానం. ఇంటర్నల్ మార్కుల్లో కలపాలా?

చివరి బెంచీ:
కలపకండి. మార్కులున్నచోట స్నేహితులు ఒకరికొకరు అయిదు నక్షత్రాలు ఇచ్చుకుంటారు.

సుద్దముక్క:
కలపకపోతే నా తరగతిలో మూడో యూనిట్‌కు సగంమందే రాశారు. నేను నక్షత్రాలకు ఏమీ ఇవ్వను. టిక్కు పడిన బిట్టుకే కొద్దిగా ఇస్తాను.

చీటీల మాస్టారు:
మార్కులు లేకుండానే మావాళ్లు రాస్తున్నారు. తొమ్మిదో తరగతి కదా, పక్క జట్టును ఓడించడమే వాళ్లకు చాలు. డిగ్రీ పిల్లల సంగతి మీరే చెప్పాలి.