చమురు రేటు పెరిగాక రేఖలు చివరికి ఎక్కడ ఆగుతాయి?

ద్వారకానగర్ రీడింగ్‌రూమ్:
అన్నలూ అక్కలూ, ఒక డౌట్ రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. ముడిచమురు రేటు పెరిగితే స్వల్పకాలపు సమిష్టి సప్లయి రేఖ ఎడమకి జరుగుతుంది, ఉత్పత్తి తగ్గి ధరలు పెరుగుతాయి. అంతవరకు ఓకే. దీర్ఘకాలంలో ఏమవుతుంది? మా కోచింగ్ సార్ బోర్డు మీద రేఖని మళ్లీ మొదటి చోటికే తెచ్చి, ధరలు పాత స్థాయికే వస్తాయన్నారు. నా దగ్గరున్న పాత జిరాక్స్ నోట్సులో ఉత్పత్తి వెనక్కి వచ్చింది గానీ ధరలు పైనే ఉండిపోయాయి. ఏది రైటు? ఇంకోటి, డీజిల్ మీద ఎక్సైజ్ తగ్గిస్తే జరిగేది ఏ రేఖ?

రైతుబజార్ రాజు:
ఇందులో డౌటేముంది తమ్ముడూ? రేటు పెరిగితే జనం కొనరు. కొనకపోతే డిమాండ్ రేఖ కూడా ఎడమకి వస్తుంది, రేటు దిగుతుంది. టమాటా వంద దాటినప్పుడు సీతమ్మధారలో చూశాను, కిలో కొనేవాళ్లు పావుకిలోతో సరిపెట్టుకున్నారు. మీ సారే రైటు.

పెదవాల్తేరు మాస్టారు:
ముప్ఫై ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఈ బొమ్మ గీసినవాణ్ణి, రాజు గారూ. మీరు చెప్పిన తప్పు ఏటా సగం క్లాసు చేసేది. సప్లయి జరిగి ధర పెరిగితే మనం డిమాండ్ రేఖ మీదే పైకి నడుస్తాం, రేఖ కదలదు. పైగా ఇది టమాటా బొమ్మ కాదు. టమాటా మండితే వంకాయ కొంటారు. అన్ని ధరలూ కలిసి పెరిగితే దేనికి మారతారు? ఇక్కడ కొనుగోలు తగ్గే దారి వేరు. చేతిలో ఉన్న డబ్బు విలువ పడిపోతుంది, వడ్డీ పెరుగుతుంది, మన సరుకు బయటివాళ్లకి ఖరీదవుతుంది. రేఖ మొత్తంగా జరగాలంటే ప్రభుత్వ ఖర్చో, ఆదాయపు పన్నో, రిజర్వ్ బ్యాంకు వడ్డీయో, ఎగుమతులకి గిరాకీయో మారాలి.

రైతుబజార్ రాజు:
కొనేవాడు తగ్గాడన్నది నిజమా కాదా మాస్టారూ? రేఖ మీద నడిస్తే ఏటి, రేఖ నడిస్తే ఏటి!

పెదవాల్తేరు మాస్టారు:
తేడా మార్కుల్లో తెలుస్తుంది. ఇక అసలు ప్రశ్నకి. బాబూ, సార్ బొమ్మ, నీ నోట్సు, రెండూ రైటే. చమురు షాక్ తర్వాత ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంకు ఏం చేశాయన్నదే తేడా. ఊహా లెక్క చూడు. ఉత్పత్తి 100, ధరల స్థాయి 100. షాక్ తగిలి ఉత్పత్తి 97కి పడింది, ధరలు 104కి ఎక్కాయి. ఇది స్వల్పకాలపు సమతౌల్యం. దేశం మామూలుగా చేయగలిగినది ఇంకా 100 అనుకుందాం. అంటే కొంతమందికి పని లేదు.

మొదటి దారి: ఎవరూ డిమాండ్‌ని ముట్టుకోలేదు. పని లేనివాళ్లు ఎక్కువై జీతాలు దిగుతాయి, ఖర్చు తగ్గి సప్లయి రేఖ మెల్లగా వెనక్కి వస్తుంది, మళ్లీ 100, 100. మీ సార్ గీసింది ఇదే. రెండో దారి: అంతకాలం ఆగలేక వడ్డీ తగ్గించో ఖర్చు పెంచో డిమాండ్ రేఖని కుడికి తోశారు. ఉత్పత్తి 100కి వచ్చింది, ధరలు మాత్రం నా లెక్కలో 108 దగ్గర ఆగాయి. నీ నోట్సులో ఉన్నది ఇది.

గాజువాక కార్మికుడు:
"జీతాలు దిగుతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎక్కడ దిగాయి మాస్టారూ? ఇరవై రెండేళ్ల సర్వీసులో నా జీతం ఒక్క రూపాయి తగ్గలేదు. మా యూనిట్‌లో మూడేళ్లకోసారి ఒప్పందం. 2022లో డీజిల్, నూనె మండిపోయినప్పుడు పాత ఒప్పందమే నడుస్తోంది, నోరు మూసుకున్నాం. తర్వాతి ఒప్పందంలో ఆ నష్టమంతా లెక్కకట్టి సాధించాం. గేటు ముందు పదకొండు రోజులు కూర్చుంటే వచ్చింది అది.

పెదవాల్తేరు మాస్టారు:
సంతోషమే. కానీ బొమ్మలో మీ పెంపు సప్లయి రేఖని ఇంకాస్త ఎడమకే నెడుతుంది.

గాజువాక కార్మికుడు:
అంటే ధరలు పెరగడానికి మేం కారణమా? చమురు పెంచింది ఎవరు, మాట పడేది ఎవరు! ఏసీ గదిలో రేఖలు గీసేవాళ్లకి మెస్సు బిల్లు ఎంతో తెలీదు.

పెదవాల్తేరు మాస్టారు:
నా క్లాసులో ఫ్యాను కూడా సరిగ్గా తిరిగేది కాదండీ. తప్పు మీదని అనలేదు. ఆ మూడేళ్ల ఒప్పందం గురించే నేను చెప్పేది. స్వల్పకాలపు రేఖ వాలుగా ఉండటానికి కారణం అదే. ధర మారింది, జీతం కాగితం మీద బిగుసుకుపోయింది. ఒప్పందాలన్నీ తిరగరాసేదాకా గడిచేదే స్వల్పకాలం, దానికి క్యాలెండర్ లెక్క లేదు. జీతాలు దిగవన్న మీ మాట కూడా చాలావరకు నిజం. అందుకే మొదటి దారి చాలా నెమ్మది, చాలా బాధ.

హార్బర్ అప్పన్న:
మా బోట్ల లెక్క వేరు బాబూ. వేటకెళ్లి వచ్చాక అమ్మిన డబ్బులోంచి ముందు డీజిల్, ఐసు ఖర్చు తీసేస్తాం. మిగిలిందే ఓనరుకీ కళాసీలకీ వాటాలు. డీజిల్ పెరిగిన వారమే మా కూలి దిగిపోయింది, ఒప్పందం లేదు, గేటు లేదు. అయినా బోట్లు కట్టేసుకున్నాం. వాటా తగ్గించుకున్నా డీజిల్ ఖర్చే రాకపోతే సముద్రంలోకి ఎందుకెళ్తాం?

అక్కయ్యపాలెం లక్ష్మి:
ఎవరైనా వడ్డీ సంగతి చెప్పండి ప్లీజ్. 2022 మేలో రిజర్వ్ బ్యాంకు రెపో వడ్డీ 4 శాతం నుంచి 4.40 చేశారు, 2023 ఫిబ్రవరికి 6.50. నా ఇంటి లోను ఈఎంఐ మార్చలేదు, నెలలు పొడిగించారట, రిటైరయ్యాక కూడా కట్టాలి. చమురు పెరిగితే నా లోను ఏం చేసింది?

బ్యాంకు పని, పేరు వద్దు:
లక్ష్మి గారూ, మాస్టారి రెండో దారి వద్దనుకుని డిమాండ్ రేఖనే ఎడమకి లాగారన్నమాట. మీ చేతిలో ఖర్చుకి డబ్బు తగ్గాలన్నదే ఉద్దేశం. 2022 ఏప్రిల్‌లో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతం. తర్వాత దిగింది. దిగింది పెరిగే వేగం, ధరలు కాదు. అప్పటి నూనె ప్యాకెట్ సంగతి వేరు గానీ హోటల్లో ఇడ్లీ ప్లేటు పాత రేటుకి రాలేదు కదా. అందుకే కోచింగ్ సార్ "100కి తిరిగి రావడం" పరీక్షకి బాగుంటుంది, బయట వెతికితే దొరకదు. గాజువాక అన్నగారి జీతం తగ్గక్కర్లేదు, ధరలకంటే నెమ్మదిగా పెరిగితే చాలు, కథ అక్కడికే వస్తుంది. వడ్డీతో లాగితే దెబ్బ ఎంతో అమెరికా చూసింది. అక్కడి కేంద్ర బ్యాంకుకి వోల్కర్ అధిపతిగా ఉన్న కాలంలో ద్రవ్యోల్బణం దిగింది గానీ 1982 చివర నిరుద్యోగం 10.8 శాతానికి వెళ్లింది.

గాజువాక కార్మికుడు:
ధరలకంటే నెమ్మదిగా పెరగడమంటే తగ్గడమే. మాట మార్చితే సరిపోదు.

హార్బర్ అప్పన్న:
నేనడిగింది ఎవరూ చెప్పలేదు. బోటు కట్టేశాక ఆ 100 ఇంకా 100యేనా? మా పక్క బోటు ఇనుప సామాన్ల రేటుకి తూకం వేసి అమ్మేశారు. అది మళ్లీ వేటకెళ్లదు.

పెదవాల్తేరు మాస్టారు:
అప్పన్నా, నువ్వన్నది నా లెక్కలో బలహీనమైన చోటు. చమురు కొన్ని నెలలు మండి దిగితే, దేశం మామూలుగా చేయగలిగిన ఆ 100 దగ్గర గీసే దీర్ఘకాలపు నిలువు రేఖ కదలదు. ఖరీదు శాశ్వతమైతే, బోట్లు, యంత్రాలు తుక్కుకి పోతే ఆ నిలువు రేఖే ఎడమకి వస్తుంది. అప్పుడు డిమాండ్‌ని ఎంత తోసినా 100 రాదు, ధరలే పెరుగుతాయి. చిక్కేమిటంటే, షాక్ తగిలినప్పుడు ఏ రకమో ఎవరికీ తెలీదు. 1973లో ఇదే అయింది. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్నది కొన్ని నెలల్లో 12 దగ్గరికి వెళ్లింది. తాత్కాలికం అనుకున్నవాళ్లు చాలామందే.

రైతుబజార్ రాజు:
హుద్‌హుద్ తుఫాను తర్వాత కూడా చెట్లు, షెడ్లు పోయాయి కదా, మరి విశాఖకి నిలువు రేఖ ఎడమకి వచ్చిందా? మళ్లీ కట్టడానికి డబ్బు పోస్తే డిమాండ్ కుడికి వచ్చిందా? రెండూ అనండి, ఒప్పుకుంటాను.

పెదవాల్తేరు మాస్టారు:
ఒక ఊరికి ఈ బొమ్మ గీయరు బాబూ. సరుకు విజయవాడ నుంచి వచ్చేస్తుంది.

రైతుబజార్ రాజు:
ఆ వారం రాలేదు మాస్టారూ. పాల ప్యాకెట్‌కి క్యూలో నిలబడింది నేను.

ద్వారకానగర్ రీడింగ్‌రూమ్:
థాంక్స్ అందరికీ. నా ఎక్సైజ్ ప్రశ్న మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 2022 మే 21న డీజిల్ మీద లీటరుకి ఆరు రూపాయలు తగ్గించారు. నేను సప్లయి కుడికి అని రాశాను, ఫ్రెండ్ పన్ను తగ్గింపు కాబట్టి డిమాండ్ కుడికి అని రాశాడు.

బ్యాంకు పని, పేరు వద్దు:
లారీ ట్యాంకులో పడితే నీ జవాబు. ఇంటి ముందున్న కారులో పడితే మీ ఫ్రెండ్‌ది కూడా కాస్త. ఎంత శాతం ఎటు అని నన్ను అడక్కు.