“ఎక్కుడు చీటీ”లో డు ఉండాలా?

పద్మ: పిన్నికి ఇదే మొదటి విమాన ప్రయాణం. విశాఖ నుంచి హైదరాబాదు మీదుగా దుబాయి. ఎయిర్‌పోర్టు నుంచి ఫొటో పంపింది. పేరు చివర LAKSHMIMRS అని ఉంది, తప్పు పడిందని కంగారు పడుతోంది. సంచి చీటీ మీద పెద్దగా DXB, చిన్నగా HYD. ఇంకొకటి: బోర్డింగ్ పాస్‌కు ఇక్కడెవరో “ఎక్కుడు చీటీ” అన్నారు. “ఎక్కు చీటీ” అన్నారేమో కూడా. ఏది?

సుబ్బారావు: “ఎక్కుడు” కాదమ్మా. పాత తెలుగులో ఎక్కుడు అంటే అధికం. అలా అంటే ఎక్కువ బరువుకు ఇచ్చే చీటీ అవుతుంది.

రవి: మాకూ అలాగే అయింది. పదిహేను కిలోలకు మీద రెండున్నర తూగితే కౌంటరులో డబ్బు కట్టించుకున్నారు. పచ్చడి సీసాలు చేతిసంచిలోకి మార్చబోతే సెక్యూరిటీలో తీసేయించారు.

శారద: రవిగారూ, అడిగింది బరువు గురించి కాదు. పద్మా, పిన్నిగారిని కంగారు పడొద్దను. MRS పేరులో భాగం కాదు, శ్రీమతికి వాళ్ల గుర్తు, మధ్యలో ఖాళీ ఇవ్వక పేరుకు అతుక్కుపోతుంది. దాని ముందున్న అక్షరాలు పాస్‌పోర్టుతో కలిస్తే చాలు. పెద్దగా DXB ఉందంటే సంచి దుబాయిలోనే తీసుకోవాలి, హైదరాబాదు మధ్యలో మారే చోటు. పెద్ద అక్షరాల్లో HYD ఉంటే మాత్రం కౌంటరు వదలకముందే అడగాలి. పాస్ వెనక అంటించిన సంచి చీటీ చిన్న ముక్క పారేయొద్దు. సంచి రాకపోతే ఆ ముక్క మీది పది అంకెలతోనే వెతుకుతారు.

సుబ్బారావు: పాస్ మీద ఏటవాలు గీతకు ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. అంటే మన పద్ధతే! గురజాడ వారు ఎక్కితే GURAJADA/VENKATAAPPARAOMR అని పడేది. ఇంటిపేరు ముందు పెట్టడం మన దగ్గరే నేర్చుకున్నారు.

శారద: మన దగ్గర నేర్చినది కాదు సార్, వరుసలో వెతకడానికి వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు. కొన్ని కంపెనీల పాస్‌లో పేరే ముందు పడుతుంది.

పద్మ: SEQ 047 అని కూడా ఉంది. సీటు అనుకుని నలభై ఏడో వరుస వెతుకుతానంటోంది!

శారద: అది ఎన్నో మనిషిగా చెకిన్ అయిందో చెప్పే నంబరు. సీటు వేరే చోట అంకె, అక్షరం కలిపి ఉంటుంది. హైదరాబాదు నుంచి రెండో పాస్ కూడా ఇచ్చారేమో చూడమను, దాని సీటు, గేటు వేరు. గేటు మారవచ్చు కాబట్టి తెర మీద చూసుకోవాలి.

సుబ్బారావు: గురజాడ వారైతే వాడుక మాటనే ఒప్పుకునేవారు: పాసు.

శారద: అయితే దిగుడుబావి మాటేమిటి? దిగు నుంచి దిగుడు వచ్చినట్టే ఎక్కు నుంచి ఎక్కుడు.

సుబ్బారావు: దిగుడుబావిలో మనం దిగుతాం. చీటీని ఎక్కుతామా?